వీలునామా తెనాలిలో, వాటా తూలూజ్‌లో

జానీ హాలిడే ఫ్రాన్స్ దేశపు రాక్ గాయకుడు. అక్కడి వాళ్లకు ఆయన ఎంతటి వాడంటే, 2017 డిసెంబరు 5న కన్నుమూసినప్పుడు పారిస్ వీధుల్లో లక్షల మంది వెంట నడిచి సాగనంపారు. రెండు నెలలు తిరిగేసరికి ఆ ఇంటి గొడవ పత్రికలకెక్కింది. 2014లో కాలిఫోర్నియాలో ఆయన ఒక వీలునామా రాశారు. అమెరికా చట్టం ప్రకారం ఆస్తి మొత్తం ఒక ట్రస్టుకు, ఆ ట్రస్టు ఫలం భార్య లాటీషియాకు, ఆమె తర్వాత వాళ్లిద్దరూ దత్తత తీసుకున్న ఇద్దరు కూతుళ్లకు. అంతకుముందు సంబంధాల్లో పుట్టిన కొడుకు డేవిడ్‌కు, కూతురు లారాకు ఆ కాగితంలో ఏమీ లేదు.

కాలిఫోర్నియాలో అది చెల్లే వీలునామా. ఎదిగిన బిడ్డలకు ఏమీ ఇవ్వకుండా పోయే స్వేచ్ఛ తండ్రికి అక్కడ ఉంది. ఫ్రాన్స్‌లో ఆ స్వేచ్ఛ లేదు. అక్కడి సివిల్ కోడ్ ప్రకారం ఆస్తిలో కొంత భాగం పుట్టుకతోనే బిడ్డలది, దాన్ని తండ్రి రాత కదిలించలేదు. ఒక్క బిడ్డ ఉంటే సగం, ఇద్దరుంటే మూడింట రెండు వంతులు, ముగ్గురూ అంతకు మించీ ఉంటే నాలుగింట మూడు వంతులు. మిగిలిన భాగం మాత్రమే తండ్రి తన ఇష్టం వచ్చినవాళ్లకు రాయగలిగేది.

అంటే డేవిడ్, లారాలకు వాటా ఉందా లేదా అన్నది తండ్రి ఏం రాశాడన్న దాని మీద ఆధారపడలేదు. ఆయన చివరి ఏళ్లలో నిజంగా ఎక్కడ బతికాడన్న దాని మీద ఆధారపడింది. లాస్ ఏంజెలెస్‌లో ఇల్లుంది, గ్రీన్ కార్డు ఉంది, చిన్న పిల్లలు అక్కడే చదువుతున్నారు అని భార్య తరఫు వాదన. పెద్ద పిల్లల లాయర్లు దీనికి జవాబుగా ఇన్‌స్టాగ్రామ్ తెరిచారు. భార్యాభర్తలు పెట్టిన ఫొటోలు ఏ తేదీన ఏ ఊళ్లో తీసినవో వరసగా పట్టిక కట్టారు. 2015లో ఫ్రాన్స్‌లో 151 రోజులు, 2016లో 168 రోజులు, 2017లో చనిపోయేదాకా ఏకంగా ఎనిమిది నెలలు ఉన్నట్టు తేలింది. పాటలు అక్కడే, కచేరీలు అక్కడే, చివరి వైద్యమూ అక్కడే. 2019 మే 28న నాంతేర్ కోర్టు ఆయన నిత్యనివాసం ఫ్రాన్సేనని, కేసు వినే అధికారం తమదేనని తీర్పిచ్చింది. వీలునామా మంచిచెడ్డల జోలికి ఆ తీర్పు పోలేదు. పోవాల్సిన అవసరమూ రాలేదు, 2020లో కుటుంబం రాజీ పడింది.

మన పాఠకులకు ఈ గాయకుడు ఎవరో తెలియకపోవచ్చు. కానీ అతని కేసులో పనిచేసిన నియమం ఇవాళ జర్మనీలో, ఫ్రాన్స్‌లో, నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్న ప్రతి తెలుగు కుటుంబం మీదా పనిచేస్తుంది. చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఆ నియమం యూరోపియన్ యూనియన్ 2012లో చేసిన వారసత్వ రెగ్యులేషన్‌లో ఉంది. దాని సంఖ్య 650. 2015 ఆగస్టు 17 నుంచి జరిగిన మరణాలన్నిటికీ వర్తిస్తుంది. డెన్మార్క్, ఐర్లాండ్ మాత్రం అందులో చేరలేదు, బ్రిటన్ యూనియన్‌లో ఉన్న రోజుల్లోనే దూరంగా ఉండిపోయింది. అంతకు ముందు ఒక్కో దేశానిదీ ఒక్కో పద్ధతి. కొన్ని దేశాలు చనిపోయిన మనిషి పౌరసత్వం చూసేవి. కొన్ని భూమికి ఒక చట్టం, బ్యాంకు డబ్బుకు మరో చట్టం అని విడదీసేవి. రెగ్యులేషన్ వచ్చాక ఒకే ప్రశ్న మిగిలింది: మరణించే నాటికి ఆ మనిషి హాబిచువల్ రెసిడెన్స్, అంటే నిత్యనివాసం, ఏ దేశంలో ఉంది? ఏ దేశంలో ఉంటే ఆ దేశపు కోర్టు, ఆ దేశపు చట్టం. అదీ ఆ మనిషికి ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏ ఆస్తి ఉన్నా మొత్తానికి కలిపి.

ఇక్కడ మనవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. నిత్యనివాసం అనగానే ఆదాయపు పన్నులో ఎన్నారై అవునా కాదా అని తేల్చే 182 రోజుల లెక్క గుర్తొస్తుంది. దీనికి అలాంటి అంకె ఏదీ లేదు. చనిపోవడానికి ముందు కొన్నేళ్ల జీవితం మొత్తాన్ని ముందు పెట్టుకుని చూడమంటుంది రెగ్యులేషన్: ఎంతకాలం ఉన్నాడు, ఎంత క్రమంగా ఉన్నాడు, ఎందుకున్నాడు, భార్యాబిడ్డలు, స్నేహితులు ఎక్కడున్నారు. ఉద్యోగం కోసం పరాయి దేశం వెళ్లినా, కుటుంబంతో, సొంత సమాజంతో బంధం గట్టిగా నిలుపుకున్న మనిషి నిత్యనివాసం స్వదేశమే కావచ్చని కూడా దాని పీఠికలో ఉంది. లిథువేనియా నుంచి జర్మనీ వచ్చి స్థిరపడిన ఒక తల్లి కేసులో యూరప్ న్యాయస్థానం 2020లో ఒక మాట స్పష్టం చేసింది, మనిషికి నిత్యనివాసం ఒక్కటే ఉంటుంది, రెండు ఉండవు. ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ గడిపే పెద్దవాళ్లకైనా ఏదో ఒక దేశాన్ని కోర్టు తేల్చి తీరాలి.

ఇక ఒక కుటుంబాన్ని తీసుకుని లెక్క వేద్దాం. కల్పించిన కుటుంబమే. ఇలాంటివి మన చుట్టూ ఉన్నాయని మాత్రం వేరే చెప్పక్కర్లేదు.

తెనాలి నుంచి వెళ్లి తూలూజ్‌లో పాతికేళ్లు ఇంజినీరుగా చేసిన ఒక పెద్దాయన. భారత పాస్‌పోర్టే ఉంచుకున్నారు. భార్య గతించారు. కూతురు పెళ్లయి విజయవాడలో ఉంది, కొడుకు తూలూజ్‌లోనే ఉద్యోగం చేస్తున్నాడు. ఒకసారి సెలవుల్లో తెనాలి వచ్చినప్పుడు ఆయన ప్లీడరు గారి దగ్గర కూర్చుని వీలునామా రాయించారు. ఇద్దరు సాక్షులు సంతకం చేశారు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు కూడా అయింది. అందులో ఉన్నది మన ఇళ్లలో తరచూ వినే మాటే: అమ్మాయికి పెళ్లప్పుడే పసుపు కుంకుమ కింద పొలం ఇచ్చేశాం కాబట్టి నా స్వార్జితమంతా అబ్బాయికి.

ఆయన తూలూజ్‌లో చనిపోయారు. అక్కడ సొంత ఫ్లాటు విలువ 3,00,000 యూరోలు, బ్యాంకులో 60,000, తెనాలి ఇల్లు యూరోల్లో లెక్కగడితే 1,20,000. మొత్తం 4,80,000. అప్పులు లేవు. కొడుకు వీలునామా పట్టుకుని ఫ్రాన్స్‌లో నోటరీ దగ్గరికి వెళ్తాడు. ఆ నోటరీ మన కోర్టు మెట్ల దగ్గర అఫిడవిట్ మీద ముద్ర వేసే నోటరీ కాదు. వారసత్వం పంపకం మొత్తం నడిపించే న్యాయాధికారి, ఆయన లేకుండా ఫ్లాటు పేరు మారదు. తెనాలిలో చేసిన వీలునామా రూపం ఆయనకు అభ్యంతరం కాదు. రాసిన చోటి చట్టం ప్రకారం సరిగా ఉంటే ఫ్రాన్స్ ఒప్పుకుంటుంది. అభ్యంతరం లోపలి విషయం మీద.

నిత్యనివాసం ఫ్రాన్స్ కాబట్టి ఫ్రెంచి చట్టం. నోటరీ మొదట చేసే పని, బతికుండగా ఇచ్చిన కానుకలను కూడా కాగితం మీద తిరిగి కలపడం. పెళ్లప్పుడు ఇచ్చిన పొలం అప్పుడు ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలోనే, మరణం నాటి ధరకు లెక్కగడతారు. అది 60,000 యూరోలు అనుకుందాం. ఇప్పుడు మొత్తం 5,40,000 అయింది. ఇద్దరు బిడ్డలు కాబట్టి మూడింట రెండు వంతులు, అంటే 3,60,000 తప్పనిసరి వాటా. తలా 1,80,000. తండ్రి స్వేచ్ఛగా రాయగలిగినది మిగిలిన 1,80,000. కూతురికి పొలం రూపంలో 60,000 ముట్టింది కనుక ఇంకా 1,20,000 రావాలి. అన్నయ్య ఆ సొమ్ము చెల్లెలికి చెల్లించాలి. ఫ్లాటులో భాగం కోసి ఇవ్వనక్కర్లేదు, ఫ్రెంచి చట్టం ఇప్పుడు డబ్బు రూపంలో చెల్లింపునే మామూలు పద్ధతిగా పెట్టింది. అన్నయ్యకు చివరికి మిగిలేది 3,60,000.

ఇందులో రెండు సంగతులు ఆగి చూడదగినవి. పసుపు కుంకుమ కింద ఇచ్చాం కాబట్టి అమ్మాయి వాటా తీరిపోయిందన్న మాట అక్కడ చెల్లదు. ఇచ్చినది ఎంతో లెక్కలోకి వస్తుంది, తక్కువైనది చెల్లించాల్సి వస్తుంది. నిజం చెప్పాలంటే ఇది మన పద్ధతి కన్నా న్యాయంగానే ఉందని నాకు అనిపిస్తుంది. పెళ్లిలో ఇచ్చినది ఎంతో ఎవరూ లెక్కగట్టకుండా, ఆ ఒక్క మాటతో ఆడపిల్లను జీవితాంతం పక్కన పెట్టడం మన ఇళ్లలో అలవాటైపోయింది. రెండో సంగతి తెనాలి ఇల్లు. ఫ్రెంచి తీర్పు తెనాలి సబ్ రిజిస్ట్రార్ పుస్తకంలో అక్షరం కూడా మార్చలేదు. భారతదేశంలోని స్థిరాస్తికి భారత చట్టమే వర్తిస్తుందని మన కోర్టులు మొదటి నుంచీ అంటున్నాయి. వీలునామా ప్రకారం ఆ ఇల్లు కొడుకుదే. కానీ తూలూజ్ లెక్కలో దాని విలువ ఉంది. ఆ విలువ మేరకు చెల్లెలికి రావలసినది ఫ్రాన్స్‌లోని ఫ్లాటు నుంచీ బ్యాంకు నుంచీ వస్తుంది. రెండు దేశాల చట్టాలు ఎదురెదురు పడినప్పుడు గెలిచేది సాధారణంగా డబ్బు ఏ దేశంలో చేతికి అందుతుందో ఆ దేశం చట్టమే.

కూతురు అడగకపోతే ఇదేమీ జరగదు. తప్పనిసరి వాటా తనంతట తాను వచ్చి ఒళ్లో పడదు. మరణం నుంచి అయిదేళ్లలోగా, లేదా తన వాటా దెబ్బతిన్నదని తెలిసిన రెండేళ్లలోగా దావా వేయాలి. ఏదెలా ఉన్నా మరణం నుంచి పదేళ్లు దాటకూడదు. 2021 నుంచి, వాటా దెబ్బతింటున్నట్టు కనిపిస్తే ఆ వారసులకు ఒక్కొక్కరికీ విడిగా తెలియజేయాల్సిన బాధ్యత నోటరీ మీద పడింది. కాబట్టి విజయవాడలో ఉన్న అమ్మాయికి ఒక రోజు ఫ్రాన్స్ నుంచి ఉత్తరం వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇప్పుడు తండ్రి వైపు నుంచి ఆలోచిద్దాం. తను భారతీయుడు, తన ఆస్తికి భారత చట్టమే వర్తించాలని ఆయన ముందే కోరుకోవచ్చు కదా? కోరుకోవచ్చు. రెగ్యులేషన్ అందుకు ఒకే ఒక దారి ఇచ్చింది. మనిషి తన పౌరసత్వం ఉన్న దేశపు చట్టాన్ని వీలునామాలో ఎంచుకోవచ్చు. యూరోపియన్ దేశాల పౌరులకే కాదు, బయటి దేశాల వాళ్లకూ ఈ హక్కు ఉందని పోలండ్‌లో ఉంటున్న ఒక ఉక్రెయిన్ పౌరురాలి కేసులో యూరప్ న్యాయస్థానం 2023 అక్టోబరులో తేల్చింది. భారత చట్టం అంటే అందులో ఏ చట్టం? హిందువులకు ఒకటి, ముస్లిములకు ఒకటి, క్రైస్తవులకు ఒకటి కదా. దానికీ జవాబుంది. ఆ మనిషికి భారతదేశంలో ఏది వర్తిస్తుందో దాన్నే యూరప్ కోర్టు తీసుకుంటుంది. హిందువైతే స్వార్జితం మొత్తాన్ని తన ఇష్టప్రకారం రాసే స్వేచ్ఛ. ముస్లిమైతే వీలునామాతో రాయగలిగేది సాధారణంగా మూడో వంతే, మిగిలినది వారసులదే.

ఈ ఎంపిక విషయంలో మనవాళ్లకు తప్పక తెలియాల్సింది ఒకటుంది. ఎంచుకునే నాటి పౌరసత్వం గానీ, చనిపోయే నాటి పౌరసత్వం గానీ ఉండాలి. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఫ్రెంచి లేదా జర్మన్ పాస్‌పోర్టు తీసుకున్న రోజు భారత పౌరసత్వం పోతుంది. చేతికి వచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. కాబట్టి ఓసీఐ కార్డుతో ఉన్నవాళ్లు కొత్తగా భారత చట్టాన్ని ఎంచుకోలేరు. భారత పాస్‌పోర్టు ఉన్నప్పుడే ఎంచుకుంటూ వీలునామా రాసినవాళ్ల ఎంపిక మాత్రం పాస్‌పోర్టు మారిన తర్వాత కూడా నిలుస్తుంది. విదేశీ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టేవాళ్లు ఆ ముందు వారం చేయాల్సిన పనుల్లో ఇదొకటి. ఎంపికను స్పష్టంగా రాయాలి. మాటల్లోంచి పరోక్షంగా అర్థమైనా ఒప్పుకోవచ్చు, ఉదాహరణకు హిందూ వారసత్వ చట్టం సెక్షన్లు ఉదహరించి ఉంటే. కానీ ఒక వాక్యంతో తీరే పనిని కోర్టు వ్యాఖ్యానానికి వదిలేయడం ఎందుకు?

ఎంపిక చేసుకుంటే సమస్య తీరినట్టేనా? జర్మనీలో, ఫ్రాన్స్‌లో తీరలేదు. ఈ గొడవ ఇటీవలి ఏళ్లలో బాగా ముదిరింది ఇక్కడే.

ఫ్రాన్స్ కథ రెండు శతాబ్దాల కిందట మొదలైంది. 1819లో వాళ్లు ఒక చట్టం చేశారు. విదేశీ చట్టం వల్ల ఫ్రెంచి వారసుడికి వాటా పోతే, ఫ్రాన్స్‌లో ఉన్న ఆస్తి నుంచి అంత మేరకు ముందుగా తీసుకోవచ్చు. 2011 ఆగస్టులో వాళ్ల రాజ్యాంగ మండలి దీన్ని కొట్టేసింది. ఫ్రెంచి పౌరులకు మాత్రమే ఆ రక్షణ ఇవ్వడం సమానత్వానికి విరుద్ధమని కారణం చెప్పింది. సరిగ్గా ఆ ఖాళీలో పడ్డారు సంగీత దర్శకుడు మారిస్ జార్ పిల్లలు. లారెన్స్ ఆఫ్ అరేబియా, డాక్టర్ జివాగో సినిమాలకు, మన దేశం నేపథ్యంగా వచ్చిన ఎ పాసేజ్ టు ఇండియాకు ఆస్కార్ అందుకున్నది ఆయనే. ఏళ్ల తరబడి కాలిఫోర్నియాలో ఉండి 2009లో అక్కడే చనిపోయారు. ఆస్తి అంతా ట్రస్టు ద్వారా చివరి భార్యకు వెళ్లింది. ఆయన కొడుకు జాన్ మిషెల్ జార్ కూడా పేరున్న సంగీతకారుడే. చెల్లెలితో కలిసి ఫ్రాన్స్ సుప్రీం కోర్టు దాకా వెళ్లాడు. 2017 సెప్టెంబరు 27న కోర్టు కాదంది. విదేశీ చట్టంలో బిడ్డల వాటా లేనంత మాత్రాన అది ఫ్రెంచి ప్రజానీతికి విరుద్ధం కాదు. తండ్రికి ఆ దేశంతో సుదీర్ఘ అనుబంధం ఉంది, పిల్లలు ఎదిగినవాళ్లు, నిరుపేదలు కారు అన్నది కోర్టు తర్కం. సమకాలికుడైన మరో స్వరకర్త మిషెల్ కొలంబియే పిల్లలకూ అదే రోజు అదే తీర్పు. యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2024 ఫిబ్రవరి 15న జార్ పిల్లల కేసులో హక్కుల ఉల్లంఘన లేదంది.

ఆ మధ్యలోనే ఫ్రాన్స్ పార్లమెంటు వేరే దారి పట్టింది. కూతుళ్లకు వాటా ఇవ్వని విదేశీ చట్టాల నుంచి ఆడపిల్లలను కాపాడాలన్న వాదన చర్చలో బలంగా వినిపించింది. 2021 ఆగస్టు 24 నాటి చట్టం సివిల్ కోడ్ 913వ అధికరణంలో కొత్త నియమం చేర్చింది. 2021 నవంబరు 1 నుంచి జరిగిన మరణాలకు అది అమల్లో ఉంది. చనిపోయిన మనిషి గానీ, ఆయన బిడ్డల్లో కనీసం ఒక్కరు గానీ యూరోపియన్ యూనియన్ దేశపు పౌరులై ఉండాలి, లేదా అక్కడ నిత్యనివాసులై ఉండాలి. వర్తించే విదేశీ చట్టంలో బిడ్డలకు తప్పనిసరి వాటా ఏదీ ఉండకూడదు. ఈ రెండూ ఉంటే బిడ్డలందరికీ, వాళ్లు ఎక్కడున్నా, ఫ్రెంచి చట్టం ఇచ్చే వాటా మేరకు ఫ్రాన్స్‌లోని ఆస్తి నుంచి తీసుకునే హక్కు వస్తుంది.

మన పెద్దాయన దగ్గరికి తిరిగి వద్దాం. వీలునామాలో ఆయన భారత చట్టాన్ని స్పష్టంగా ఎంచుకున్నారనుకుందాం. హిందూ చట్టంలో పెళ్లయిన కూతురికి తప్పనిసరి వాటా లేదు. 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం ఆధారపడిన వాళ్లకు పోషణ మాత్రమే ఇస్తుంది. ఆయన నిత్యనివాసం ఫ్రాన్స్. కాబట్టి ఎంపిక చెల్లినా, విజయవాడలో ఉన్న కూతురు ఫ్రాన్స్‌లోని 3,60,000 యూరోల ఆస్తి మీద తన వాటా కోరవచ్చు. చట్టం ఎంచుకున్నందువల్ల ఆయనకు పెద్దగా కలిసొచ్చినది లేదు.

ఇంకో మెట్టు ముందుకు వెళ్దాం. ఆయన వీలునామాలో ఏ చట్టాన్నీ ఎంచుకోకుండా, చివరి అయిదేళ్లు తెనాలి తిరిగొచ్చి, అక్కడే చనిపోయారనుకుందాం. ఇప్పుడు నిత్యనివాసం భారతదేశం. అయినా తూలూజ్ ఫ్లాటు ఫ్రెంచి చట్టం నుంచి తప్పించుకోలేదు. స్థిరాస్తికి అది ఉన్న చోటి చట్టం అనే మన కోర్టుల నియమమే దాన్ని ఫ్రాన్స్‌కు తిప్పి పంపుతుంది, ఆ తిప్పడాన్ని రెగ్యులేషన్ ఒప్పుకుంటుంది. ఇక బ్యాంకు డబ్బు విషయంలో 913వ అధికరణం అక్కరకొస్తుంది. ఎందుకంటే బిడ్డల్లో ఒకరు, అంటే ఆ కొడుకు, ఫ్రాన్స్ నివాసి. అన్నయ్య అక్కడ ఉండబట్టి చెల్లెలికి హక్కు వచ్చింది. అతను హైదరాబాదులో ఉంటే వచ్చేది కాదు. ఆ చట్టం ఉద్దేశం నాకు నచ్చుతుంది గానీ, తోబుట్టువు ఉద్యోగం ఏ దేశంలో దొరికిందన్న దాని మీద ఒక ఆడపిల్ల హక్కు ఆధారపడటం మంచి శాసనమని అనలేను.

జర్మనీది ఇంకో రకం. అక్కడ తప్పనిసరి వాటా ఆస్తిలో భాగం కాదు, వారసుల మీద డబ్బు బాకీ. వీలునామా లేకపోతే వచ్చే వాటాలో సగం. భార్య లేని తండ్రికి ఇద్దరు బిడ్డలుంటే తలా నాలుగో వంతు. ఒక బ్రిటిష్ పౌరుడు 1960ల నుంచి జర్మనీలోనే ఉండిపోయి, ఇంగ్లండు చట్టాన్ని ఎంచుకుంటూ వీలునామా రాసి, దత్తపుత్రుడికి ఏమీ ఇవ్వకుండా 2018లో చనిపోయాడు. ఇంగ్లండులో ఇలాంటి బిడ్డ కోర్టుకెళ్లి సహాయం అడగవచ్చు గానీ, తండ్రి డొమిసైల్ ఇంగ్లండే అయి ఉండాలి. అతనిది జర్మనీ, కాబట్టి ఆ దారీ లేదు. 2022 జూన్ 29న జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు ఆ ఎంపికను ఆ మేరకు పక్కన పెట్టింది. బిడ్డకు కనీస వాటా తమ రాజ్యాంగం హామీ ఇచ్చినదని, కేసుకు జర్మనీతో ఇంత గట్టి సంబంధం ఉన్నప్పుడు ఏమీ ఇవ్వని విదేశీ చట్టాన్ని ఒప్పుకోలేమని చెప్పింది. తీర్పు ఇంగ్లండు చట్టం మీదే అయినా, ఎదిగిన బిడ్డకు ఏమీ ఇవ్వకుండా పోయే స్వేచ్ఛ మన హిందూ చట్టంలోనూ అంతే ఉంది. మ్యూనిక్‌లో ముప్పై ఏళ్లుండి, అక్కడే ఇల్లు కొని, భారత చట్టాన్ని ఎంచుకుంటూ ఒక బిడ్డను పూర్తిగా తప్పించాలనుకునే వాళ్లకు ఇది గట్టి హెచ్చరిక.

ఈ చిక్కు అన్ని దేశాల్లోనూ లేదు. అమెరికా రాష్ట్రాల్లో ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న బిడ్డలకు తప్పనిసరి వాటా లేదు. లూసియానా ఒక్కటే 23 ఏళ్లు, అంతకు లోపు వయసున్న బిడ్డలకు, తమను తాము చూసుకోలేని బిడ్డలకు కొంత ఉంచింది. ఐర్లాండు రెగ్యులేషన్‌లో లేకపోయినా భార్యకూ భర్తకూ చట్టబద్ధమైన వాటా ఇస్తుంది, పిల్లలు ఉంటే మూడో వంతు, లేకపోతే సగం.

మన దేశం వైపు చూస్తే చిక్కు ఎక్కువగా రూపంలో వస్తుంది. ఫ్రాన్స్‌లో మొత్తం స్వహస్తంతో రాసి, తేదీ వేసి, సంతకం పెడితే వీలునామా అయిపోతుంది, సాక్షులు అక్కర్లేదు. అలాంటి కాగితంతో తెనాలి ఇల్లు ఎవరికీ రాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షను ఇద్దరు సాక్షుల సంతకం అడుగుతుంది. వివాదం వస్తే వాళ్లలో కనీసం ఒకరినైనా కోర్టుకు తెచ్చి పలికించాలి. అందుకే రెండు దేశాల్లో ఆస్తి ఉన్నవాళ్లు రెండు వీలునామాలు రాయడం మంచిదని ఈ పని తెలిసిన లాయర్లు చెబుతారు. భారతదేశంలోని ఆస్తికి ఒకటి, యూరప్‌లోని ఆస్తికి ఒకటి. అందులోనూ ఒక ప్రమాదం ఉంది. మన దస్తావేజు లేఖరులు అలవాటుగా రాసే వాక్యం, ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ రద్దు చేస్తున్నాను అన్నది, అవతలి దేశంలోని దాన్ని కూడా తుడిచేస్తుంది. ఈ వీలునామా భారతదేశంలోని ఆస్తులకు మాత్రమే, యూరప్ ఆస్తులకు రాసినది అమల్లోనే ఉంటుంది అని రెండింటిలోనూ స్పష్టంగా ఉండాలి. పన్నులు దీనికి పూర్తిగా వేరు. రెగ్యులేషన్ వాటి జోలికి పోలేదు, వాటాలు తేలాక పన్ను లెక్క విడిగా చూసుకోవాలి.

నిత్యనివాసాన్ని తేల్చేది కోర్టు. కానీ దాని సాక్ష్యాన్ని తయారుచేసేది మనమే. పదవీ విరమణ తర్వాత నిజంగా స్వదేశం వచ్చేసినవాళ్లు అక్కడి అద్దె ఒప్పందం, ఆరోగ్య బీమా, మున్సిపాలిటీ నమోదు ముగించుకున్న కాగితాలు దాచుకోవాలి. వీలునామాలో ఏ తేదీ నుంచి ఏ ఊళ్లో ఉంటున్నదీ, ఎందుకు వచ్చిందీ రాయాలి. ఆ వాక్యం కోర్టును కట్టిపడేయదు గానీ, ఫొటోల తేదీలతో జీవితాన్ని లెక్కగట్టాల్సిన అవసరాన్ని చాలావరకు తగ్గిస్తుంది.

యూరప్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఒక విన్నపం. ఈసారి ఊరొచ్చినప్పుడు ప్లీడరు గారి దగ్గరికి వెళ్లే ముందే, మీరుంటున్న చోట నోటరీతో ఒకసారి మాట్లాడండి. అమ్మాయికి ఇచ్చినదీ అబ్బాయికి ఇచ్చినదీ ఒక కాగితం మీద రాసి, తేదీలు వేసి, ఇద్దరికీ చూపించండి.